ఆసుపత్రిలో ఉండి ఆడిట్ రిపోర్టు ఆలస్యమైంది: పెనాల్టీ వద్దని ఉత్తరం రాసిన నా అనుభవం

2024 మే 19, ఆదివారం. ఒంటిపూట షాపు కట్టేసి ఇంటికొచ్చి, అన్నం తింటూ ఫోన్ చూస్తున్నాను. ఎన్నికల మెసేజ్‌ల మధ్య ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన మెసేజ్ ఒకటి కనిపించింది. మూడు రోజుల కిందటే, అంటే మే 16నే వచ్చింది. నా పాన్ మీద నోటీసు ఇచ్చామని, ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో చూసుకోమని ఉంది. ముద్ద దిగలేదు.

నాది విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపు. బోట్లకు కావలసిన తాళ్లు, పెయింట్లు, బోల్టులు, పంపుల సామాను అమ్ముతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. ఏడాది మొత్తం మీద మాకు తీరిక లేని రోజులు అవే. సరిగ్గా ఆ రోజుల్లోనే నోటీసు వచ్చింది.

మా అబ్బాయి పోర్టల్ తెరిచి నోటీసు చదివాడు. 2022-23 ఆర్థిక సంవత్సరానికి ఆడిట్ రిపోర్టు 2023 సెప్టెంబర్ 30 లోపు ఇవ్వాల్సి ఉండగా డిసెంబర్ 18న ఇచ్చారు, సెక్షన్ 271బి కింద పెనాల్టీ ఎందుకు వేయకూడదో మే 31 లోపు చెప్పండి అని దాని సారం. పెనాల్టీ ఎంతో అందులో లేదు. మా ఆడిటర్ గారికి ఫోన్ చేస్తే చెప్పింది: అమ్మకాల్లో అర శాతం గానీ, లక్షన్నర గానీ, ఏది తక్కువైతే అది. ఆ ఏడాది నా అమ్మకాలు రెండు కోట్ల నలభై లక్షలు. అర శాతమంటే లక్షా ఇరవై వేలు. ఆపరేషన్ల కోసం చేసిన అప్పే ఇంకా తీరలేదు. ఆ రాత్రి నాకూ మా ఆవిడకూ నిద్ర లేదు.

ఆలస్యం ఎందుకైందో చెప్పాలి. 2023 సెప్టెంబర్ 12 సాయంత్రం షాపు నుంచి బండి మీద వస్తుంటే వెనక నుంచి ఆటో గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. 14న ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఇన్ఫెక్షన్ రావడంతో 23న మళ్లీ తెరిచి శుభ్రం చేశారు. అక్టోబర్ 6న ఇంటికి పంపారు. 24 రోజులు ఆసుపత్రి. ఆ తర్వాత కూడా ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నవంబర్ 20న డాక్టర్ చూసి చేతికర్రతో నడవమన్నాక గానీ నేను మెట్లు దిగలేదు.

మే 20 సోమవారం ఆడిటర్ ఆఫీసుకు వెళ్లాను. నేను మొదట్నుంచీ వాళ్ల నాన్నగారి దగ్గర లెక్కలు రాయించేవాడిని, ఆయన తర్వాత ఈ అమ్మాయే చూస్తోంది. నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తుంది. ముందు ఆమె నోటీసు నిజమైనదో కాదో చూసింది. నోటీసు మీద డిన్ అని ఒక నంబర్ ఉంటుంది, 2019 అక్టోబర్ నుంచి డిపార్ట్‌మెంట్ పంపే ప్రతి కాగితం మీదా అది ఉండాలట. పోర్టల్ మొదటి పేజీలో `Authenticate Notice/Order Issued by ITD` అని ఉన్నచోట ఆ నంబర్ కొడితే నోటీసు అసలుదేనని వచ్చింది. నకిలీదని వస్తే బాగుణ్ణని ఒక్క నిమిషం ఆశపడ్డాను.

నేను అప్పటికే రాత్రి కూర్చుని ఒక ఉత్తరం రాసుకుని వెళ్లాను. మూడు పేజీలు. యాక్సిడెంట్ ఎలా జరిగిందో, ఎంత నొప్పి పడ్డానో, ఆసుపత్రి బిల్లు ఎంతైందో, పిల్లల చదువులు, అప్పులు అన్నీ రాశాను. చివర్లో తప్పు నాదే, దయచేసి పెనాల్టీ, లేట్ ఫీజు, వడ్డీ అన్నీ మాఫీ చేయండి అని రాశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా మొత్తం చదివింది. చదివాక చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"బాబాయ్ గారూ, ఇది చదివితే ఎవరికైనా జాలేస్తుంది. కానీ ఆ ఆఫీసర్ చూడాల్సింది మీ కష్టాన్ని కాదు. ఆ కష్టం వల్ల ఈ ఒక్క పని ఎందుకు ఆగిందో చూడాలి. అది ఇందులో లేదు."

తర్వాత ఆమె పెన్నుతో ఒక వాక్యం కొట్టేసింది. లేట్ ఫీజు, వడ్డీ మాఫీ చేయమన్న వాక్యం. నేను 2023 డిసెంబర్ 27న రిటర్న్ వేసినప్పుడు సెక్షన్ 234ఎఫ్ కింద 5,000 లేట్ ఫీజు కట్టాను. నేను కట్టాల్సిన పన్నులో 14,600 మిగిలి ఉంది. దాని మీద 234ఎ కింద నెలకు ఒక శాతం చొప్పున రెండు నెలలకు 292 రూపాయలు వడ్డీ కట్టాను. ఈ రెండూ పెనాల్టీలు కావు. ఆలస్యమైతే చాలు, కారణంతో పని లేకుండా పడతాయి. నోటీసు ఇచ్చిన ఆఫీసర్‌కు వాటిని తీసేసే అధికారం లేదు. అప్పటి చట్టంలో 271బి మాత్రం పెనాల్టీ. దానికి 273బి అనే సెక్షన్ రక్షణ ఉండేది: ఆలస్యానికి సహేతుకమైన కారణం ఉందని మనం చూపిస్తే పెనాల్టీ వేయకూడదని ఆ చట్టమే చెప్పేది. చూపించాల్సిన బాధ్యత మాత్రం మనదే. అడగకూడనివి కూడా అదే ఉత్తరంలో కలిపితే అసలు అడిగేది పలచబడుతుందని ఆమె అంది. మాఫీ చేయండి అనే మాటకు బదులు, సహేతుక కారణం ఉంది కాబట్టి 273బి ప్రకారం ప్రొసీడింగ్స్ డ్రాప్ చేయండి అని రాయాలంది. నాకైతే ఈ ఒక్క తేడా తెలియడం లక్ష రూపాయల విలువ చేసింది.

ఆ తర్వాత ఆమె నన్ను ఆఫీసర్ అడిగినట్టే అడగడం మొదలుపెట్టింది. మీరు ఆసుపత్రిలో ఉన్నారు సరే, మీ ఆడిటర్ బాగానే ఉన్నారు కదా? షాపులో గుమాస్తా ఉన్నాడు కదా? సెప్టెంబర్ 12 దాకా మీరు ఆరోగ్యంగానే ఉన్నారు, లెక్కలు మార్చి 31న ముగిశాయి, ఐదు నెలలు ఏం చేశారు? అక్టోబర్ 6న ఇంటికొచ్చారు, రిపోర్టు డిసెంబర్ 18న ఇచ్చారు, మధ్యలో 73 రోజులు దేనికి పట్టాయి? సెప్టెంబర్‌లో, అక్టోబర్‌లో జీఎస్టీ రిటర్న్‌లు వేశారా?

జీఎస్టీ రిటర్న్‌లు వేశాం. నేను మంచం మీద ఉండగా మా ఆవిడ నా ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెబితే గుమాస్తా కుర్రాడు 20వ తేదీ లోపే వేశాడు. నేను అది గర్వంగా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, "అదే అసలు ప్రశ్న. జీఎస్టీ వేయగలిగినవాళ్లు ఆడిట్ ఎందుకు చేయించలేకపోయారు?" అంది. డిపార్ట్‌మెంట్‌కు ఆ వివరాలు ఎలాగూ తెలుస్తాయి కాబట్టి దాచిపెట్టి ప్రయోజనం లేదు, మనమే ముందు చెప్పాలంది.

దానికి జవాబు నా ఖాతా పుస్తకంలో ఉంది. జీఎస్టీ నెల రిటర్న్‌కు బిల్లింగ్ కంప్యూటర్‌లో ఉన్న అమ్మకాలు, కొనుగోళ్లు చాలు, గుమాస్తా చేయగలడు. ఆడిట్‌కు అలా కాదు. మార్చి 31 నాటికి ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో తేలాలి. హార్బర్‌లో వ్యాపారమంతా ఖాతా మీదే నడుస్తుంది. బోటు వేటకు వెళ్లి వచ్చాక ఓనరు కొంత ఇస్తాడు, మిగతాది మళ్లీ వచ్చే వేటకు. అలాంటివి 63 బోట్ల ఖాతాలు నా చేతిరాతలో ఒక పొడుగు పుస్తకంలో ఉన్నాయి. పేర్లు కూడా ఓనర్ల పేర్లు కావు, బోటు రంగుతోనో, తండ్రి పేరుతోనో నాకు గుర్తుండేలా రాసుకున్నవి. ఆ పుస్తకం నేను తప్ప ఇంకొకరు చదవలేరు. ఇరవై ఏళ్లుగా అలాగే రాస్తున్నాను, దాన్ని సాక్ష్యంగా పెట్టాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఐదు నెలలు ఏం చేశారన్న ప్రశ్నకు జవాబు ఆమె మెయిల్‌లోనే దొరికింది. 2023 సెప్టెంబర్ 4న ఆమె నాకు ఒక మెయిల్ పెట్టింది. స్టాకు లిస్టు అందింది, బ్యాంకు లెక్కలు సరిపోయాయి, కొనుగోళ్లు పూర్తయ్యాయి, ఇక ఖాతా పుస్తకంలోని బాకీలు ఎక్కించడం ఒక్కటే మిగిలింది, 15వ తేదీ షాపుకు వచ్చి కూర్చుంటాను అని అందులో ఉంది. నేను సరే అని జవాబు కూడా ఇచ్చాను. మూడు రోజులు ముందు యాక్సిడెంట్ అయింది. ఆ మెయిల్ చూసి ఆ అమ్మాయి ముఖం వెలిగింది. ఆసుపత్రి బిల్లులు నేను పడుకున్నానని మాత్రమే చెబుతాయి, ఈ మెయిల్ మాత్రం నేను పడిపోకపోతే పని గడువులోపు అయిపోయేదని చెబుతుంది అంది. అందుకే మా కాగితాల్లో మొదటి నంబర్ దానికే ఇచ్చాం. ఇలాంటి ఉత్తరం రాయాల్సిన వాళ్లు ముందుగా వెతకాల్సింది ఇదేనని నా అభిప్రాయం. జబ్బు పడక ముందు ఆ పని నడుస్తోందని చూపించే మెయిల్ గానీ, వాట్సాప్ మెసేజ్ గానీ, చివరికి ఆడిటర్‌కు కట్టిన అడ్వాన్స్ గానీ ఏదైనా సరే.

తర్వాత డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూసింది. అక్కడ పెద్ద షాక్. అడ్మిట్ అయిన తేదీ 12 బదులు 21 అని టైప్ అయి ఉంది. కింద ఆపరేషన్ తేదీ 14 అని ఉంది. ఆసుపత్రిలో చేరకముందే ఆపరేషన్ చేసినట్టు! ఎనిమిది నెలలు ఆ కాగితం నా బీరువాలో ఉంది, ఇన్సూరెన్స్ లేకపోవడంతో ఎవరికీ ఇవ్వలేదు, ఎవరూ చూడలేదు. అలాగే అప్‌లోడ్ చేసి ఉంటే, నిజంగా జరిగినది కూడా అబద్ధంలా కనపడేది.

మే 22న ఆసుపత్రికి వెళ్లాను. ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. బిల్లింగ్ కౌంటర్ వాళ్లు మెడికల్ రికార్డ్స్ విభాగానికి పంపారు, వాళ్లు అర్జీ రాసి ఆధార్ జిరాక్స్ పెట్టమన్నారు, తర్వాత ఆపరేషన్ చేసిన డాక్టర్ సంతకం కావాలన్నారు. డాక్టర్ సెలవులో ఉన్నారు. నాలుగుసార్లు తిరిగాను. ఆ కాలితో ఆ మెట్లు మళ్లీ ఎక్కుతుంటే, స్ట్రెచర్ మీద వచ్చిన రోజు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. యాక్సిడెంట్ కేసు కాబట్టి చేరిన రోజే క్యాజువాలిటీ నుంచి పోలీసులకు సమాచారం పంపారు. ఆ ఎంఎల్‌సీ కాపీ మీద 12వ తేదీ, టైము స్పష్టంగా ఉన్నాయి. అది చూపించాకే సరిచేయడానికి ఒప్పుకున్నారు. మే 30న సరిచేసిన సమ్మరీ, కేస్ షీట్ కాపీలు చేతికొచ్చాయి. కాపీలకు 600 తీసుకున్నారు.

ఇంతలో గడువు దగ్గరపడింది. మే 28నే పోర్టల్‌లో `Seek/View Adjournment` నొక్కి, ఆసుపత్రి రికార్డులు రావాలి, పది రోజులు గడువివ్వండి అని ఒకే వాక్యం రాశాం. జూన్ 10 వరకు ఇచ్చారు. గడువు దాటాక అడగడం కంటే ముందే అడగడం మంచిదని ఆమె పట్టుబట్టింది. లేటైనందుకే వచ్చిన నోటీసుకు మళ్లీ లేటుగా జవాబిస్తే ఏం బాగుంటుంది!

మధ్యలో నేను ఒక పని చేశాను, ఆమెకు చెప్పకుండా. ఉత్తరం చేత్తో ఇస్తే మనిషిని చూసి అర్థం చేసుకుంటారని ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లాను. టపాల్ సెక్షన్‌లో ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, నోటీసు చూసి, ఇది ఫేస్‌లెస్ అండీ, చూసే ఆఫీసర్ ఏ ఊళ్లో ఉంటారో మాకూ తెలీదు, పోర్టల్‌లో పెడితేనే వాళ్లకు చేరుతుంది అని మర్యాదగా చెప్పారు. నా కర్ర చూసి కింద వరకు తోడొచ్చారు. ముఖం చూపించే వీలు లేదు కాబట్టి చెప్పాల్సిందంతా కాగితమే చెప్పాలని అప్పుడు నాకు పూర్తిగా ఎక్కింది.

ఉత్తరం ఇంగ్లిష్‌లో ఒకటిన్నర పేజీ అయింది. మూడు పేజీల నా బాధ అందులో రెండు వాక్యాలైంది. పైన పాన్, అసెస్‌మెంట్ ఇయర్ 2023-24, నోటీసు డిన్, తేదీ. ఆ తర్వాత తేదీల పట్టిక. ప్రతి తేదీ పక్కన దానికి రుజువుగా పెట్టిన కాగితం నంబర్. పట్టిక తర్వాత భాగం తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది:

"నాది సొంత వ్యాపారం. బాకీదారుల ఖాతాలు నేనే చేత్తో రాస్తాను, వాటిని మరొకరు చదివి ఎక్కించే వీలు లేదు. రెండు పేజీల నకలు జతచేశాను. సెప్టెంబర్ 4 నాటికి ఈ ఒక్క పని తప్ప మిగతా ఆడిట్ పూర్తయింది, 15న ముగించాలని నిర్ణయించుకున్నాం. 12న ప్రమాదం జరిగింది. గడువు తేదీ అయిన సెప్టెంబర్ 30న నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆ కాలంలో నెలవారీ జీఎస్టీ రిటర్న్‌లు సకాలంలో దాఖలయ్యాయి. అవి కంప్యూటర్ బిల్లుల ఆధారంగా గుమాస్తా వేసినవి, వాటికి ఈ ఖాతాలతో పని లేదు. అక్టోబర్ 25 నుంచి ఇంట్లో మంచం మీదే రోజుకు రెండు గంటలు ఖాతాలు చెప్పి ఎక్కించాను. డిసెంబర్ 6న పూర్తి వివరాలు ఆడిటర్‌కు ఇచ్చాను, 18న రిపోర్టు దాఖలైంది. గత నాలుగు సంవత్సరాల రిపోర్టులు గడువులోపే ఇచ్చాను. పన్నులో తొంభై శాతానికి పైగా 2023 మార్చి లోపే అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టాను, మిగిలినది వడ్డీతో కట్టాను."

అక్టోబర్ 25 తేదీ రాయడానికి నేను భయపడ్డాను. అంత ముందే పని మొదలెట్టానని మనమే ఒప్పుకుంటే, మరి నవంబర్‌లో ఎందుకివ్వలేదంటారు కదా అన్నాను. పని మొదలెట్టిన తేదీ దాచితే మొత్తం 73 రోజులూ ఖాళీగా కూర్చున్నట్టు అవుతుంది, రోజుకు రెండు గంటల చొప్పున 63 ఖాతాలకు ఆరు వారాలు పట్టిందంటే ఎవరైనా నమ్ముతారు అని ఆమె చెప్పింది.

ఒక విషయంలో మాకు వాదన జరిగింది. 2023 నవంబర్ 19 రాత్రి మా హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. అందులో నా ఖాతాదారుల బోట్లూ ఉన్నాయి. ఆ వారం, పై వారం ఎవరినీ బాకీ అంకె సరిపోయిందా అని అడిగే పరిస్థితి లేదు, అడగడానికి నాకు నోరూ రాలేదు. దాన్ని కూడా కారణంగా పెద్దగా రాయాలన్నాను. ఆమె ఒప్పుకోలేదు. గడువు సెప్టెంబర్ 30న దాటిపోయింది, నవంబర్‌లో జరిగినది ఆ గడువు తప్పడానికి కారణం కాలేదు, రెండు కారణాలు కలిపి రాస్తే సాకులు వెతుకుతున్నట్టు ఉంటుంది అంది. చివరికి పట్టికలో నవంబర్ 20 పక్కన, హార్బర్ ప్రమాదం వల్ల కొందరి బాకీలు ధ్రువపరచుకోవడం ఆలస్యమైంది అని ఒక్క పంక్తి పెట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె చేసిందే సరైనదని నాకూ అనిపిస్తోంది.

చివరి పేరాలో 1969 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉదహరించింది, హిందుస్థాన్ స్టీల్ కేసు. పెనాల్టీ వేసే అధికారం ఉంది కదా అని ప్రతి తప్పుకూ వేయకూడదు, కావాలని చేశాడా లేదా అన్నది చూడాలి అన్నది దాని సారం. తీర్పులు ఒకటికి మించి పెట్టలేదు. స్టాంపు పేపర్ మీద గుమాస్తా అఫిడవిట్ ఒకటి జత చేశాం, ఖాతా పుస్తకం తాను చదవలేనని. స్టాంపు, నోటరీ కలిపి 350.

జూన్ 7 శుక్రవారం అప్‌లోడ్ చేయడానికి కూర్చున్నాం. ఆసుపత్రి కాగితాలు 64 పేజీలు జిరాక్స్ షాపులో కలర్ స్కాన్ చేయిస్తే 38 ఎంబీ వచ్చింది. పోర్టల్‌లో ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. మళ్లీ నలుపు తెలుపుల్లో స్కాన్ చేయించి, అక్కర్లేని ల్యాబ్ రిపోర్టులు తీసేస్తే 19 పేజీలు మిగిలాయి. `e-Proceedings` లో `Submit Response` నొక్కితే `Partial Response`, `Full Response` అని రెండు అడుగుతుంది. `Full Response` అంటే ఆ నోటీసుకు మన జవాబు ముగిసినట్టే, మర్చిపోయిన కాగితం తర్వాత పెట్టలేం. అందుకే మొదట కాగితాలన్నీ పార్షియల్‌లో పెట్టి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని, ఉత్తరంతో చివర్లో ఫుల్ నొక్కింది. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ ప్రింట్ తీసి నా చేతికిచ్చింది.

తర్వాత ఎదురుచూపులు. రోజూ పొద్దున్న షాపు తీయగానే మెయిల్ చూసేవాడిని. ఆరు వారాలకు, జూలై 18న మళ్లీ నోటీసు. గుండె జారిపోయింది. చదివితే ఒక్కటే ప్రశ్న: డిశ్చార్జ్ అయిన తర్వాత పని చేయలేని స్థితిలో ఉన్నారనడానికి ఆధారం ఇవ్వండి, జూలై 25 లోపు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆరు వారాలు కాలు మోపకూడదని ఉంది గానీ, ఆ ఆరు వారాలు నేను ఇంట్లోనే ఉన్నానని ఏ కాగితమూ చెప్పదు. రెండు ఓపీ చీటీల్లో ఒకటి పోయింది. ఇంటికి వచ్చి కాలికి వ్యాయామం చేయించిన ఫిజియోథెరపిస్ట్ ఎప్పుడూ రసీదు ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

అప్పుడు మా ఆవిడకు గుర్తొచ్చింది, అతనికి డబ్బులు వారం వారం యూపీఐలో తనే పంపేదని. బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే అక్టోబర్ 9 నుంచి నవంబర్ 18 వరకు ప్రతి వారం అతని పేరుతో పేమెంట్ ఉంది. ఆ కుర్రాడు ఎన్ని రోజులు ఇంటికొచ్చాడో రాసి సంతకం పెట్టిన చీటీ ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. నవంబర్ 20 ఓపీ చీటీ, స్టేట్‌మెంట్, ఆ చీటీ కలిపి జూలై 23న పెట్టాం. ఈసారి ఉత్తరం ఆరు వాక్యాలే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్. అడగడానికి మనిషి లేడు, ఫోన్ నంబర్ లేదు. నోటీసు ఇచ్చిన నెల ముగిశాక ఆరు నెలల్లోగా, అంటే నవంబర్ 30 లోపు ఆర్డర్ రావాలి అని ఆడిటర్ చెప్పిన మాట పట్టుకుని క్యాలెండర్ మీద గీతలు పెట్టుకున్నాను. వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లొచ్చంది. అప్పీలు అనే మాట వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈలోగా తర్వాతి సంవత్సరం ఆడిట్ సెప్టెంబర్ 21కే ముగించి రిపోర్టు ఇచ్చేశాం. ఆ ఏడాది గడువు అక్టోబర్ 7 దాకా పొడిగించారు గానీ, ఇక ఆఖరి వారం దాకా ఆగే ధైర్యం నాకు లేదు. ఖాతా పుస్తకాన్ని ప్రతి ఆదివారం మా ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాను. బోట్ల పేర్లు ఇప్పుడు తనకూ తెలుసు.

నవంబర్ 21, గురువారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. సబ్జెక్ట్‌లో పెనాల్టీ ఆర్డర్ అన్న మాట కనిపించేసరికి పడిందనే అనుకున్నాను. కుర్రాణ్ణి కౌంటర్‌లో కూర్చోబెట్టి, లోపల తాళ్ల కట్టల మీద కూర్చుని పీడీఎఫ్ తెరిచాను. ఇంగ్లిష్ సరిగా ఎక్కడం లేదు. ఆడిటర్‌కు పంపి ఫోన్ చేశాను. చివరి పేరా చదవండి బాబాయ్ గారూ అని తనే చదివింది. చేతిరాత ఖాతాల నకలు, సెప్టెంబర్ 4 మెయిల్, వైద్య రికార్డులు పరిశీలించాం, గడువు తేదీన అసెసీ ఆసుపత్రిలో ఉన్నారు, 273బి ప్రకారం సహేతుక కారణం ఉంది కాబట్టి 271బి ప్రొసీడింగ్స్ డ్రాప్ చేస్తున్నాం అని ఉంది. ఫోన్ పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

నోటీసు వచ్చిన రోజు నుంచి ఆర్డర్ దాకా ఆరు నెలల ఐదు రోజులు. ఖర్చు చూస్తే ఆడిటర్ ఫీజు 6,000, రికార్డులు 600, స్టాంపు, నోటరీ 350, స్కాన్లు, జిరాక్సులు 280. ఆటోల లెక్క రాయలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ మొదట అడిగిన మాట, "ఇంక ఏమీ కట్టక్కర్లేదా?" అని. ఆ ఐదు వేలూ, వడ్డీ ముందే కట్టేశాం, అవి తిరిగి రావు, ఇంక కట్టాల్సిందేమీ లేదు అన్నాను. ఆర్డర్ ప్రింట్, సరిచేసిన డిశ్చార్జ్ సమ్మరీ, పాత సమ్మరీ మూడూ ఒకే కవర్‌లో పెట్టి, కవర్ మీద తేదీ వేసి బీరువాలో పెట్టింది.